స్కాన్ చేసిన వర్క్‌షీట్‌లో చేత్తో గీసిన కర్బన నిర్మాణాలను, వక్ర బాణాలను దిద్దడం ఎలా

కర్బన రసాయన శాస్త్రంలో విద్యార్థి గీసిన జవాబును దిద్దేటప్పుడు మనం రెండు పనులు చేస్తాము. అతడు ఏమి గీశాడో చదవడం మొదటిది, గీసినది సరైనదో కాదో తేల్చడం రెండవది. అసలు కాగితం చేతిలో ఉన్నప్పుడు ఈ రెండూ దాదాపు ఒకేసారి జరిగిపోతాయి. స్కాన్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం వాటిని విడదీయక తప్పదు, ఎందుకంటే తెర మీద కనిపించే గీతల్లో కొన్ని విద్యార్థివి కావు, విద్యార్థి గీసిన గీతల్లో కొన్ని తెర మీద కనిపించవు. చదవడం పూర్తికాకముందే తేల్చేయడం వల్ల సరైన జవాబుకు సున్నా పడిన సందర్భాలను నేను చాలా చూశాను, నా చేతులతో వేసినవి కూడా అందులో ఉన్నాయి. అందుకే ఒకే ఒక ప్రశ్నను తీసుకొని, దానిని మొదటి నుంచి చివరి వరకు ఎలా దిద్దాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రశ్న ఇది: ఆర్ విన్యాసం గల 2-బ్రోమోబ్యూటేన్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్ ద్రావణిలో సోడియం సయనైడ్‌తో చర్య జరిపినప్పుడు ఏర్పడే ప్రధాన క్రియాజన్యాన్ని, చర్యా విధానాన్ని వక్ర బాణాలతో గీయండి. ప్రశ్నకు 6 మార్కులు. ఇది ఎస్ఎన్2 ప్రతిక్షేపణ చర్య. సయనైడ్ బ్రోమిన్‌కు ఎదురు వైపు నుంచి వచ్చి రెండవ కార్బన్‌తో బంధం ఏర్పరచుకుంటుంది, అదే దశలో బ్రోమైడ్ వైదొలగుతుంది, ఆ కార్బన్ వద్ద విన్యాసం తలకిందులవుతుంది. ఏర్పడేది ఎస్ విన్యాసం గల 2-మిథైల్‌బ్యూటేన్‌నైట్రైల్, దాని అణు ఫార్ములా C₅H₉N.

1. జవాబు కంటే ముందు స్కాన్‌ను పరీక్షించండి

మొదట స్కాన్ ఏ పద్ధతిలో చేశారో చూడండి. 300 డీపీఐ వద్ద ఒక మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు వస్తాయి, కాబట్టి అర మిల్లీమీటరు మందం గల పెన్సిల్ గీత సుమారు 6 పిక్సెళ్ల వెడల్పున కనిపిస్తుంది. అదే గీత 100 డీపీఐ వద్ద 2 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. వాక్యాలు చదవడానికి అది సరిపోవచ్చు గానీ, నిర్మాణాలు చదవడానికి చాలదు. డాష్ బంధాన్ని విద్యార్థి చిన్నచిన్న అడ్డగీతల వరుసగా గీస్తాడు; ఆ గీతల మధ్య ఖాళీ కూడా అర మిల్లీమీటరే ఉంటే, తక్కువ స్పష్టత గల స్కాన్‌లో అవన్నీ కలిసిపోయి నిండైన వెడ్జ్ బంధంలా కనిపిస్తాయి. కాగితానికి వెనక్కు ఉన్న సమూహం ముందుకు వచ్చినట్లు మీకు కనిపిస్తుంది, అంటే ఎస్ విన్యాసం ఆర్ విన్యాసంగా మారిపోతుంది. తప్పు విద్యార్థిది కాదు, స్కాన్‌ది.

స్పష్టత ఎంత ఉన్నా, కేవలం నలుపు తెలుపుల్లో చేసిన స్కాన్‌ను నమ్మకండి. అందులో ఒక హద్దు కంటే లేతగా ఉన్నది ఏదైనా తెలుపుగా మారిపోతుంది, పెన్సిల్‌తో పెట్టిన ఒంటరి జంట చుక్కలూ, ఋణావేశపు చిన్న గీతా ముందుగా పోయేవి. ఫోన్‌తో తీసిన చిత్రానికి కాగితాన్ని తెల్లగా చేసే ఫిల్టర్ వేసినా ఇదే జరుగుతుంది. స్కాన్ చేయించడం మీ చేతిలో ఉంటే 300 డీపీఐ, బూడిద రంగు స్థాయిలు లేదా రంగు, ఫిల్టర్ లేకుండా అని ముందే చెప్పండి. అప్పటికే వచ్చిన స్కాన్ బాగా లేకపోతే, మళ్లీ స్కాన్ చేయించడానికి పట్టే సమయం తప్పుగా దిద్ది తిరిగి దిద్దడానికి పట్టే సమయం కంటే తక్కువే.

ఇక విద్యార్థి గీయని గీతల సంగతి. స్కానర్ అద్దం మీద ధూళి ఉంటే, కాగితాలను ఒకటొకటిగా లాక్కొనే యంత్రంలో అది ప్రతి పేజీలోనూ ఒకే చోట నిలువు గీతగా పడుతుంది. పక్క పేజీ తెరిచి అదే చోట చూస్తే సంగతి తెలిసిపోతుంది. కాగితం పలుచగా ఉంటే వెనక పేజీ గీతలు ముందుకు తేలి వస్తాయి. వాటి అక్షరాలు అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటాయి కాబట్టి అక్షరం ఉన్నచోట గుర్తుపట్టడం సులభం, కానీ అక్షరం లేని వట్టి గీతో వెడ్జో అయితే మోసపోయే వీలుంది. రబ్బరుతో చెరిపిన గీత లేత నీడలా మిగులుతుంది. దాని మీదుగా కొత్త గీత ముదురుగా ఉంటే ముదురు గీతనే జవాబుగా తీసుకోండి.

2. మార్కులను ముందే విడగొట్టి పెట్టుకోండి

మొదటి పేపరు తెరవకముందే 6 మార్కులు దేనికెన్ని అన్నది రాసి పెట్టుకోవాలి. ఈ ప్రశ్నకు నేను ఇలా విడగొడతాను: క్రియాజనకాన్ని సరైన విన్యాసంతో గీసినందుకు 1, సయనైడ్‌ను కార్బన్ మీద ఒంటరి జంటతో, ఋణావేశంతో చూపినందుకు 1, దాడి చేసే బాణానికి 1, బ్రోమిన్ వైదొలగే బాణానికి 1, క్రియాజన్యంలో పరమాణువుల అమరికకు 1, దాని విన్యాసానికి 1. విన్యాసాన్ని అమరిక నుంచి వేరు చేయడం చాలా అవసరం. రెండింటికీ కలిపి 2 మార్కులు అని పెట్టుకుంటే, అణువును సరిగ్గా గీసి వెడ్జ్ ఒక్కటి పొరపాటుగా గీసినవాడికి ఎంత ఇవ్వాలన్నది ప్రతి పేపరు దగ్గరా కొత్తగా ఆలోచించవలసి వస్తుంది, ఇరవయ్యో పేపరుకు మీ ఆలోచన మారిపోతుంది.

వివాదం వచ్చే చోట్లను కూడా ముందే తేల్చుకోండి. బాణం ఒంటరి జంట నుంచి కాక ఋణావేశపు గుర్తు నుంచి బయలుదేరితే అంగీకరిస్తారా? నేను అంగీకరిస్తాను, ఎందుకంటే ఆ గుర్తు ఆ జంటకు చెందినదే, కొందరు అంగీకరించరు. ఏ నిర్ణయమైనా సరే, అది పేపర్లన్నింటికీ ఒకటే కావాలి, విద్యార్థులకు ముందే తెలిసి ఉండాలి.

3. నిర్మాణాన్ని గీతగీతగా చదవండి

వంకర గీతల నిర్మాణంలో ప్రతి మలుపూ, ప్రతి కొసా ఒక కార్బన్. వాటిని వేలుపెట్టి లెక్కించండి, కంటితో అంచనా వేయకండి. ఈ ప్రశ్నలో తరచుగా కనిపించే పొరపాటు సయనైడ్ దగ్గరే జరుగుతుంది. విద్యార్థి రెండవ కార్బన్ నుంచి ఒక గీత గీసి, దానిని కాస్త వంచి, వంచిన చోట నుంచి మరో గీత గీసి, దాని కొసన CN అని రాస్తాడు. ఆ వంపు ఒక కార్బన్ అయిపోతుంది, కాబట్టి అతడు గీసినది 3-మిథైల్‌పెంటేన్‌నైట్రైల్, C₆H₁₁N. అమరికకు మార్కు రాదు. అయితే అది నిజమైన మలుపేనా, లేక చెయ్యి వణికి గీత కాస్త వంగిందా అన్నది 200 శాతానికి పెంచి చూడాలి. మలుపు కోణంగా ఉంటే కార్బన్. గీత విల్లులా నున్నగా వంగితే అది ఒకటే బంధం.

రెండవది, బంధపు గీత CN లోని ఏ అక్షరాన్ని తాకుతోందో చూడటం. గీత N ను తాకితే అక్షరార్థంలో అది ఐసోసయనైడ్. అణువుకు ఎడమ పక్కన సమూహాన్ని రాయవలసి వచ్చినప్పుడు NC అని రాయాలన్న అలవాటు లేని విద్యార్థి అక్కడ కూడా CN అనే రాస్తాడు, గీత N కే తగులుతుంది. సయనైడ్ మీద ఒంటరి జంటను, ఋణావేశాన్ని కార్బన్ మీద పెట్టి, బాణాన్ని కార్బన్ నుంచే గీసినవాడు క్రియాజన్యంలో ఇలా రాస్తే, అతడి ఉద్దేశం బాణం చెబుతూనే ఉంది కనుక నేను మార్కు ఇచ్చి పక్కన సరిదిద్దుతాను. బాణం కూడా నైట్రోజన్ నుంచే బయలుదేరితే ఆ సడలింపు ఉండదు.

4. బాణాలను అవి చెప్పినట్లే నడవనివ్వండి

వక్ర బాణం ఎలక్ట్రాన్ జంట కదలికను చెబుతుంది, పరమాణువు కదలికను కాదు. అందువల్ల ప్రతి బాణానికీ మూడు విషయాలు చూడాలి: తోక ఎక్కడ ఉంది, తల ఎక్కడ ఉంది, తల పూర్తిదా సగమా. తోక ఒక ఒంటరి జంట దగ్గరో, ఒక బంధం మధ్యనో మొదలవ్వాలి. తల ఒక పరమాణువును చేరాలి, లేదా బంధం ఏర్పడబోయే రెండు పరమాణువుల మధ్యకు చేరాలి. మన ప్రశ్నలో మొదటి బాణం సయనైడ్ కార్బన్ మీది ఒంటరి జంట నుంచి రెండవ కార్బన్‌కు, రెండవ బాణం కార్బన్, బ్రోమిన్‌ల మధ్య బంధం నుంచి బ్రోమిన్‌కు వెళ్లాలి.

దిద్దడానికి నేను నమ్ముకొనే పద్ధతి ఒకటుంది. విద్యార్థి గీసిన క్రియాజన్యాన్ని చేతితో కప్పేసి, అతడు గీసిన బాణాలను మాత్రమే అనుసరించి ఏమి ఏర్పడుతుందో మీరే ఒక చిత్తుకాగితం మీద గీయండి. తర్వాత చేయి తీసి రెండింటినీ పోల్చండి. రెండవ బాణం గీయకపోతే మీ చిత్తుకాగితం మీద ఐదు బంధాల కార్బన్ వచ్చి కూర్చుంటుంది. బాణం తలక్రిందులైతే, అంటే బ్రోమిన్ నుంచి బంధం మీదికి వెళితే, కార్బన్, బ్రోమిన్‌ల మధ్య ద్విబంధం వస్తుంది. ఇలా చేస్తే తప్పు ఎక్కడ ఉందో, దాని ఫలితం ఏమిటో మీకు స్పష్టంగా తెలుస్తుంది, విద్యార్థికి వివరించడమూ తేలికవుతుంది. చివరగా ఆవేశాలను కూడండి: ఎడమ వైపు సయనైడ్ మీద ఒక ఋణావేశం ఉంది కాబట్టి కుడి వైపు బ్రోమైడ్ మీద కూడా ఒక ఋణావేశం ఉండాలి.

తల సగమే ఉన్న బాణం ఒక్క ఎలక్ట్రాన్ కదలికను సూచిస్తుంది, కాబట్టి ఇక్కడ అది తప్పు. కానీ స్కాన్‌లో తల ఒక వైపు గీత లేతగా ఉండి మాయమైపోవచ్చు, వేగంగా గీసేవారు సగం తలే వేయవచ్చు కూడా. అదే పేజీలో ఆ విద్యార్థి గీసిన తిన్నని చర్యా బాణాన్ని చూడండి. దాని తల కూడా సగమే ఉంటే అది చేతివాటం. చర్యా బాణానికి పూర్తి తల వేసి వక్ర బాణాలకు మాత్రం సగం వేస్తే అది ఉద్దేశపూర్వకమే. చర్యా బాణం స్థానంలో రెండు కొసలా తలలున్న ఒకే గీతను వేస్తే అది అనునాద రూపాలకు వాడే బాణం, చర్యకు చెల్లదు.

దాడి బాణం బ్రోమిన్ ఉన్న వైపు నుంచే వచ్చినట్లు గీశాడని మార్కు తగ్గించకండి. బాణం కాగితం మీద ఎటు నుంచి వచ్చిందన్నది త్రిమితీయ దిశను చెప్పదు. ఎదురు వైపు దాడి జరిగిందని అతడికి తెలుసా లేదా అన్నది క్రియాజన్యపు విన్యాసమే చెబుతుంది.

ముందు బ్రోమైడ్ విడిపోయి కార్బోకేటయాన్ ఏర్పడినట్లు రెండు దశల్లో గీసినవారికి, బంధం తెగే బాణానికీ క్రియాజన్యపు అమరికకూ నేను మార్కులు ఇస్తాను. దాడి బాణానికి ఇవ్వను. కార్బోకేటయాన్ గీసి, దాని నుంచి ఒక్క ఎస్ రూపమే వచ్చిందని రాస్తే విన్యాసపు మార్కు కూడా ఇవ్వను, ఎందుకంటే అతడు గీసిన మార్గం ఆ ఫలితాన్ని ఇవ్వదు.

5. విన్యాసాన్ని చిత్రంతో పోల్చకండి, లెక్కగట్టండి

ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. నమూనా జవాబులో క్రియాజనకం ఇలా ఉందనుకోండి: మొదటి కార్బన్ ఎడమ దిగువన, రెండవ కార్బన్ పైన, మూడవది కుడి దిగువన, నాలుగవది కుడి పైన. రెండవ కార్బన్ నుంచి నిటారుగా పైకి బ్రోమిన్ వెడ్జ్ బంధంతో ఉంది. ప్రాధాన్య క్రమం బ్రోమిన్, ఇథైల్, మిథైల్, హైడ్రోజన్. హైడ్రోజన్ వెనక్కు ఉంది. పై నుంచి కుడి దిగువకు, అక్కడ నుంచి ఎడమ దిగువకు వెళ్లడం గడియారపు ముళ్ల దిశ, కాబట్టి ఆర్ విన్యాసం. క్రియాజన్యంలో ప్రాధాన్య క్రమం CN, ఇథైల్, మిథైల్, హైడ్రోజన్. అదే అమరికలో CN డాష్ బంధం మీద ఉంటే హైడ్రోజన్ ముందుకు వస్తుంది, తిరిగే దిశను తిప్పి చదవాలి, ఎస్ విన్యాసం వస్తుంది. ఇక్కడితో ఆగి "డాష్ ఉంటే సరి, వెడ్జ్ ఉంటే తప్పు" అని గుర్తుపెట్టుకొని పేపర్లు దిద్దడం మొదలుపెడితే, గొలుసును ఎడమకు తిప్పి గీసిన విద్యార్థి నష్టపోతాడు.

వెడ్జ్ గీసిన తీరునూ చూడండి. 2006 నాటి ఐయూపీఏసీ సిఫారసుల ప్రకారం వెడ్జ్ సన్నని కొస కైరల్ కార్బన్ వద్ద ఉండాలి. వెడల్పు కొసను కైరల్ కార్బన్ దగ్గర పెట్టినవారు తరచుగా కనిపిస్తారు. క్రియాజనకంలోనూ క్రియాజన్యంలోనూ ఒకే తీరుగా అలా గీస్తే నేను ఒక్కసారే, క్రియాజనకం దగ్గరే మార్కు తగ్గిస్తాను, రెండోచోట అదే తప్పుకు మళ్లీ తగ్గించను.

6. ఒక జవాబును పూర్తిగా దిద్ది చూద్దాం

తెర మీద ఉన్న పేజీలో క్రియాజనకం పైన చెప్పినట్లే ఉంది, బ్రోమిన్ వెడ్జ్ మీద ఉంది, సన్నని కొస కార్బన్ వద్దే ఉంది. 1 మార్కు. సయనైడ్ దగ్గర C పక్కన ఒకే ఒక చుక్క, ఋణావేశపు గుర్తు కనిపిస్తున్నాయి. ఒక్క చుక్క అంటే ఒక్క ఎలక్ట్రాన్, మార్కు పోవాలి. కానీ పెంచి చూస్తే ఆ చుక్క కింద దాదాపు అదే పరిమాణంలో లేత బూడిద రంగు మచ్చ ఉంది. పక్క పేజీలో అదే చోట మచ్చ లేదు కనుక అది అద్దం మీది ధూళి కాదు. వెనక పేజీలో ఆ స్థానం ఖాళీగా ఉంది కనుక అక్కడి నుంచి తేలి వచ్చింది కాదు. అది పెన్సిల్ చుక్కే. 1 మార్కు.

మొదటి బాణం ఆ చుక్కల దగ్గర మొదలై రెండవ కార్బన్‌ను చేరింది, తల పూర్తిగా ఉంది. 1 మార్కు. రెండవ బాణం Br అక్షరాల దగ్గర మొదలై పై ఖాళీలోకి వెళ్లింది. బ్రోమిన్ వెళ్లిపోతోందని చెప్పాలనుకున్నాడు, పరమాణువు కదలికను గీశాడు. బంధపు ఎలక్ట్రాన్లు ఎటు వెళ్లాయో ఈ బాణం చెప్పడం లేదు. స్కాన్‌లో లోపం లేదు, తోక స్పష్టంగా కనిపిస్తోంది. ఈ మార్కు రాదు.

క్రియాజన్యంలో గొలుసు ఎడమకు తిరిగి ఉంది: మిథైల్ కుడి దిగువన, ఇథైల్ ఎడమ దిగువన, CN నిటారుగా పైకి, వెడ్జ్ బంధం మీద. గీత C ని తాకుతోంది, మొత్తం ఐదు కార్బన్లు ఉన్నాయి, పక్కన బ్రోమైడ్ ఋణావేశంతో ఉంది. అమరికకు 1 మార్కు. విన్యాసం చూడగానే తప్పులా అనిపిస్తుంది, ఎందుకంటే క్రియాజనకంలోనూ వెడ్జే, ఇక్కడా వెడ్జే. లెక్కగట్టండి: CN పైన, ఇథైల్ ఎడమ దిగువన, మిథైల్ కుడి దిగువన, హైడ్రోజన్ వెనక్కు. పై నుంచి ఎడమకు, అక్కడ నుంచి కుడికి వెళ్లడం గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశ, కాబట్టి ఎస్ విన్యాసం. జవాబు సరైనదే. మరోసారి సరిచూసుకోవాలంటే నమూనా జవాబును పుస్తకం పేజీ తిప్పినట్లు తిప్పి చూడండి. ఎడమ కుడి అవుతుంది, డాష్ వెడ్జ్ అవుతుంది, విద్యార్థి చిత్రమే వస్తుంది. ఈ సరిచూపుకు ఇంకొక షరతు ఉంది: అది నిజంగా వెడ్జేనా, కలిసిపోయిన డాషా? ఇక్కడ స్కాన్ 300 డీపీఐ, అంచులు నున్నగా ఉన్నాయి, లోపల ఎక్కడా తెల్లని ఖాళీ లేదు. వెడ్జే. 1 మార్కు. మొత్తం 5.

పోయిన మార్కు దగ్గర "తప్పు" అని మాత్రమే రాసి వదిలేయకండి. "ఈ బాణం C–Br బంధం మధ్య నుంచి మొదలై Br మీద ఆగాలి, బంధంలోని రెండు ఎలక్ట్రాన్లూ బ్రోమిన్‌కు వెళ్తున్నాయి" అని రాసి, ఆ బాణాన్ని వేరే రంగులో గీసి చూపండి. విన్యాసం దగ్గర "తిప్పి గీశావు, లెక్కగడితే ఎస్, సరైనదే" అని ఒక మాట రాయండి, ఎందుకంటే ఆ విద్యార్థి తోటివారి పేపరులో డాష్‌కు మార్కు చూసి తన వెడ్జ్ సరైనదేనా అని సందేహపడతాడు.

వెడ్జో డాషో ఎంత పెంచి చూసినా తేలని పేపర్లు కొన్ని మిగులుతాయి. వాటికి అప్పటికప్పుడు మార్కు వేయకండి, తీసివేయకండి. పేజీ సంఖ్యను, ఏ బంధం దగ్గర సందేహమో విడిగా రాసుకొని, అన్నీ అయ్యాక అసలు కాగితాలు తెప్పించి ఆ ఒక్క బంధాన్ని మాత్రం చూడండి. అసలు కాగితం దొరకని పక్షంలో, అదే విద్యార్థి మరో ప్రశ్నలో స్పష్టంగా గీసిన డాష్‌ను, వెడ్జ్‌ను పక్కన పెట్టుకొని పొడవును, కొస వెడల్పును పోల్చండి. ఒకే చేయి ఒకే పేపరులో డాష్‌ను ఒకే తీరుగా గీస్తుంది, కాబట్టి చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది.